ఆరిపోయిన మెట్ల లైటు, రెండు పిన్నుల్లోనూ ఫేజు: ఒక టూవే కనెక్షన్ కేసు

ఫోన్‌లో చెప్పిన ఫిర్యాదు ఇది: "మెట్ల లైటు వేస్తే చాలు, పై అంతస్తు మొత్తం కరెంటు పోతోంది. బల్బు మార్చినా అంతే."

రెండంతస్తుల ఇల్లు. మెట్ల మలుపు దగ్గర సీలింగుకి ఒక లైటు, కింద ఒక స్విచ్చు, పైన ఒక స్విచ్చు. ఎన్నో ఏళ్లుగా ఏ ఇబ్బందీ లేకుండా వెలుగుతోంది. కింద వేసి పైన ఆర్పేవాళ్లు, పైన వేసి కింద ఆర్పేవాళ్లు. రెండు వారాల కిందట పై అంతస్తుకి విడిగా ఒక డీబీ, అంటే కరెంటు పంచే డబ్బా, పెట్టించి, దానికి సొంతంగా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే దానంతటదే ఆపేసే స్విచ్చు, బిగించారు. అంతకు ముందు ఇల్లంతటికీ ఒకటే ఆర్‌సీసీబీ. కొత్తది పెట్టిన రోజు రాత్రి నుంచే ఈ గొడవ మొదలైంది.

నేను వెళ్లేసరికి ఇంటి పెద్దాయన మెట్ల దగ్గరే నిలబడి ఉన్నారు. ఆయన కొడుకు చెప్పిన సంగతి విన్నాక నాకు బల్బు మీద నుంచి దృష్టి పూర్తిగా వేరే చోటికి పోయింది.

"నిన్న రాత్రి లైటు వేయగానే పైన కరెంటు పోయిందండీ. ఎలాగూ కరెంటు లేదు కదా అని స్టూలు వేసుకుని హోల్డరు మూత తిప్పాను. వైరు వదులుగా ఉందేమోనని వేలితో కదిపానో లేదో, షాకు కొట్టింది. పైన అంతా చీకటిగా ఉంటే కరెంటు ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం కాలేదు."

"అప్పుడు కింద కరెంటు ఉందా?" అని అడిగాను.

"ఉంది. కింద ఫ్యాను తిరుగుతూనే ఉంది."

"షాకు కొట్టినప్పుడు కింది ఆర్‌సీసీబీ పడలేదా?"

"పడలేదు."

పడకపోవడంలో వింత ఏమీ లేదు. కాళ్లకి రబ్బరు చెప్పులు, కింద చెక్క స్టూలు. ఒంట్లోంచి పోయిన కరెంటు చెయ్యి ఝల్లుమనేంత ఉంది కానీ, ఆర్‌సీసీబీని పడగొట్టేంత లేదు. అదే మనిషి ఇంకో చేత్తో తడి గోడనో ఇనప రెయిలింగునో పట్టుకుని ఉంటే లెక్క మారిపోయేది. ఆర్‌సీసీబీ ఉంది కాబట్టి షాకు కొట్టదు అనుకోకూడదు. కొట్టిన షాకు ఒక హద్దు దాటితేనే అది పడుతుంది.

పైన కరెంటు పోయినా మెట్ల హోల్డరులో కరెంటు ఉందంటే, ఆ హోల్డరుకి రెండు వైపుల నుంచీ ఫేజు వచ్చే దారి ఉందన్నమాట. అప్పుడే ఒక అనుమానం వచ్చింది. దాన్ని కొలిచి చూడాలనుకున్నాను.

బల్బు తీసేసి పైది, కిందిది రెండు ఆర్‌సీసీబీలూ వేశాను. బల్బు లేదు కాబట్టి కరెంటు పారదు, ఏదీ పడదు. మీటరు ఒక కొస ఎర్తుకి పట్టుకుని, రెండో కొసతో హోల్డరులోని రెండు పిన్నుల్నీ విడివిడిగా చూశాను. రెండు స్విచ్చులకీ కలిపి నాలుగు స్థితులు ఉంటాయి, నాలుగింటిలోనూ కొలిచి కాగితం మీద రాసుకున్నాను.

రెండు స్విచ్చులూ కిందికి ఉన్నప్పుడు రెండు పిన్నులూ దాదాపు సున్నా. కింది స్విచ్చు మాత్రమే మారిస్తే ఒక పిన్ను 230 వోల్టులు, రెండోది సున్నా. పై స్విచ్చు మాత్రమే మారిస్తే అదే లెక్క తిరగబడింది, మొదటిది సున్నా, రెండోది 230. రెండు స్విచ్చులూ మార్చినప్పుడు రెండు పిన్నులూ 230.

కేసు మొత్తం ఆ చివరి కొలతలోనే ఉంది. బల్బు వెలగడానికి కావాల్సింది రెండు పిన్నుల మధ్య తేడా. రెండు వైపులా ఒకే ఫేజు వస్తే తేడా సున్నా, బల్బు వెలగదు. చూసేవాళ్లకి లైటు ఆరిపోయినట్టే. కానీ హోల్డరులో ఏ పిన్ను ముట్టుకున్నా నిండా 230 వోల్టులు. ఈ ఇంట్లో ఆ లైటు ఆరిన ప్రతి రెండుసార్లలో ఒకసారి అలాగే ఆరుతూ వచ్చింది, ఇన్నేళ్లూ.

స్విచ్ బోర్డులు విప్పితే అనుకున్నదే కనిపించింది. కింది టూవే స్విచ్చులో పక్క టెర్మినళ్లు రెండింటికీ కింది సర్క్యూట్ ఫేజు ఒకటి, కింది సర్క్యూట్ న్యూట్రల్ ఒకటి బిగించి ఉన్నాయి. కామన్ అంటే స్విచ్చు నొక్కినప్పుడల్లా ఆ రెండింటిలో ఏదో ఒకదానితో కలిసే మూడో టెర్మినల్, దాని నుంచి ఒక్క వైరు లైటు ఒక పిన్నుకి పోయింది. పై స్విచ్చులోనూ అంతే, పై సర్క్యూట్ ఫేజు, పై సర్క్యూట్ న్యూట్రల్, కామన్ నుంచి లైటు రెండో పిన్నుకి ఒక్క వైరు. రెండు స్విచ్చుల మధ్య నేరుగా నడిచే వైరు ఒక్కటి కూడా లేదు.

ఇలా ఎందుకు చేస్తారో కూడా చెప్పాలి. రెండు బోర్డుల్లోనూ ఫేజు, న్యూట్రల్ ఎలాగూ ఉంటాయి. లైటు దగ్గరికి ఆ బోర్డు నుంచి ఒకటి, ఈ బోర్డు నుంచి ఒకటి లాగితే పని అయిపోతుంది. పైపులో వైరు మిగులుతుంది, పొద్దు కలిసొస్తుంది, లైటు రెండు చోట్ల నుంచీ చక్కగా పనిచేస్తుంది. పరీక్షకి వచ్చినవాళ్లు స్విచ్చు నొక్కి చూస్తే తప్పు దొరకదు. అందుకే ఈ పద్ధతి ఎన్నో ఇళ్లలో ఇంకా గోడలో దాగి ఉంది.

కింది స్విచ్చుని చేతిలోకి తీసుకుని వెలుతురుకి పెట్టి చూశాను. రెండు పక్క టెర్మినళ్ల మధ్య ప్లాస్టిక్కు గోధుమరంగుకి తిరిగింది. ఒక స్క్రూ తల చుట్టూ నల్లటి మసి గీత. ఆ చిన్న డబ్బాలో కొన్ని మిల్లీమీటర్ల దూరంలో ఫేజూ న్యూట్రలూ ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. కదిలే పట్టీ నొక్కినప్పుడల్లా ఒకదాన్ని వదిలి రెండోదాన్ని తాకుతుంది. వదిలేటప్పుడు లేచే నిప్పురవ్వ రెండో కాంటాక్టు దాకా సాగితే అది నేరుగా షార్టు. మామూలు టూవే పద్ధతిలో స్విచ్చు లోపలికి న్యూట్రల్ రానే రాదు కాబట్టి ఈ ప్రమాదమే ఉండదు.

ఇక ఆర్‌సీసీబీ ఎందుకు పడుతోందో చూద్దాం. లైటు వెలిగినప్పుడు కరెంటు కింది ఫేజులో బయల్దేరి బల్బు గుండా పోయి పై న్యూట్రల్‌లో తిరిగొస్తుంది. లేదా పై ఫేజులో బయల్దేరి కింది న్యూట్రల్‌లో వస్తుంది. ఆర్‌సీసీబీ చూసేది ఒక్కటే, తన గుండా వెళ్లిన కరెంటు అంతా తన గుండానే తిరిగొచ్చిందా లేదా. ఇల్లంతటికీ ఒకటే ఉన్నప్పుడు ఏ దారిన వెళ్లినా ఏ దారిన వచ్చినా రెండూ దాని గుండానే, లెక్క సరిపోయేది. రెండుగా విడగొట్టాక కింది ఆర్‌సీసీబీకి వెళ్లిన కరెంటు తిరిగి రాలేదు, పైదానికి వెళ్లని కరెంటు వచ్చింది. 9 వాట్ల ఎల్ఈడీ బల్బు తీసుకునే కరెంటు సుమారు 40 నుంచి 80 మిల్లీ ఆంపియర్లు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ 15కీ 30కీ మధ్య ఎక్కడో పడుతుంది. అందుకే ఆ చిన్న బల్బు చాలింది. రెండింటికీ ఒకే తేడా కనిపిస్తుంది కాబట్టి ముందు ఏది పడుతుందో చెప్పలేం. నేను బల్బు పెట్టి మూడుసార్లు వేసి చూస్తే రెండుసార్లు పైది పడింది, ఒకసారి రెండూ పడ్డాయి.

కొత్త ఆర్‌సీసీబీ బిగించినవారి తప్పేమీ లేదని పెద్దాయనకి వివరంగా చెప్పాను. ఆయన దాన్ని వెనక్కి ఇచ్చేద్దాం అనుకుంటున్నారు. అది పాత తప్పుని బయటపెట్టింది. దాన్ని తీసేస్తే లైటు వెలుగుతుంది, హోల్డరులో ఫేజు మాత్రం అలాగే ఉంటుంది.

ఒకటి అదృష్టం. పై సర్క్యూట్, కింది సర్క్యూట్ ఒకే ఫేజు మీద ఉన్నాయి. రెండు ఫేజుల మధ్య మీటరు పెడితే సున్నా వచ్చింది. త్రీఫేజు కనెక్షన్ ఉన్న ఇంట్లో పై అంతస్తుని వేరే ఫేజు మీదికి మారిస్తే, 'ఆరిపోయే' స్థితిలో ఆ బల్బు మీద 400 వోల్టులు పడేవి.

చేయాల్సింది స్పష్టమే. ఫేజు, న్యూట్రల్ రెండూ ఒకే సర్క్యూట్ నుంచి రావాలి. ఫేజు ఒక స్విచ్చు కామన్‌కి రావాలి. అక్కడి రెండు పక్క టెర్మినళ్ల నుంచి రెండు వైర్లు రెండో స్విచ్చు పక్క టెర్మినళ్లకి పోవాలి. రెండో స్విచ్చు కామన్ నుంచి లైటుకి. న్యూట్రల్ ఏ స్విచ్చునీ తాకకుండా నేరుగా లైటుకి. టూవే అంటే ఇంతే. మధ్యలో నడిచే ఆ రెండు వైర్లని నేను జంట వైర్లు అంటాను. ఏ క్షణాన చూసినా జంటలో ఒకదానికి ఫేజు ఉంటుంది, రెండోదానికి ఉండదు. కింది స్విచ్చు ఫేజుని ఏ వైరు మీద పంపాలో ఎంచుతుంది, పై స్విచ్చు ఏ వైరు నుంచి తీసుకోవాలో ఎంచుతుంది. ఇద్దరూ ఒకే వైరు ఎంచితే లైటు వెలుగుతుంది.

మొత్తం కింది సర్క్యూట్ నుంచే తీసుకుందామని నిర్ణయించాను. కింది బోర్డు నుంచి లైటు బాక్సు దాకా పైపు దారి 7 మీటర్లు, అక్కడి నుంచి పై బోర్డు దాకా 4 మీటర్లు. కింది ముక్కలో జంట వైర్లు రెండు, న్యూట్రల్ ఒకటి, సీలింగు బాక్సు లోహపుది కాబట్టి ఎర్తు ఒకటి, వెరసి నాలుగు. పై ముక్కలో జంట వైర్లు రెండు, పై కామన్ నుంచి లైటుకి తిరిగొచ్చేది ఒకటి, వెరసి మూడు. అన్నీ 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు. 20 మిల్లీమీటర్ల పైపులో నాలుగు వైర్లు ఇబ్బంది లేకుండా పడతాయి. జంటకి రెండూ పసుపు, లైటుకి తిరిగొచ్చేదానికి తెలుపు తీసుకున్నాను. ఈ ఇంట్లో ఫేజు ఎరుపు, న్యూట్రల్ నలుపు, ఎర్తు ఆకుపచ్చ. రంగుల నియమం దేశానికొకలా ఉంటుంది, పాత ఇళ్లలో అయితే గోడకొకలా కూడా ఉంటుంది. అందుకే విప్పిన ప్రతి వైరునీ మీటరుతో చూశాకే నమ్మాను.

పని మొదలుపెట్టే ముందు పై ఎంసీబీ, కింది ఎంసీబీ, అంటే డీబీలో ఒక్కో సర్క్యూట్‌ని ఆపే స్విచ్చులు, రెండూ ఆపాను. ఒకటి ఆపితే సగం పనే అయినట్టు అన్నది ఆ కుర్రాడి వేలు ముందే చెప్పింది. ఆపాక మీటరుని ముందు కరెంటున్న సాకెట్‌లో పెట్టి పనిచేస్తోందని చూసుకున్నాను. తర్వాత బోర్డుల్లో, హోల్డరులో ప్రతి కొసా చూశాను. మళ్లీ అదే సాకెట్‌లో ఇంకోసారి చూశాను. మీటరు మధ్యలో చెడిపోయి సున్నా చూపించినా సున్నాలాగే కనబడుతుంది, ఆ మూడో చూపు అందుకోసమే.

పాత స్విచ్చుల నుంచి ఫేజు, న్యూట్రల్ వైర్లు విప్పేటప్పుడు ఒక జాగ్రత్త. కింది స్విచ్చు ఫేజు స్క్రూ కింద రెండు వైర్లు ఉన్నాయి. ఒకటి వచ్చేది, ఒకటి పక్క స్విచ్చుకి లూపు పోయేది. న్యూట్రల్ దగ్గరా అంతే. వాటిని విప్పి వదిలేస్తే పక్కన వరండా లైటు ఆగిపోతుంది. ఫేజు లూపుని కొత్త కామన్ దగ్గరే కలిపాను, న్యూట్రల్ లూపుని కనెక్టర్‌లో కలిపి బాక్సు వెనక్కి నెట్టాను. పై బోర్డులోనూ లూపులు అలాగే కనెక్టర్లలో కలిపి మూసేశాను. ఇకపై ఆ స్విచ్చుకి పై సర్క్యూట్‌తో సంబంధం లేదు.

వైరు లాగడానికి పాత వైరునే తాడుగా వాడుకున్నాను. కొత్త నాలుగు వైర్ల కొసలూ ఒకే చోట కట్టకుండా మెట్లు మెట్లుగా, ఒకదానికీ ఇంకోదానికీ రెండు వేళ్ల ఎడం వదిలి గీరాను. మొదటి వైరు రాగిని పాత వైరు రాగికి కొక్కెంలా వేసి మెలిపెట్టాను. మిగతావి దాని ఒంటికి ఒక్కొక్కటిగా చుట్టి, మీద టేపు పలచగా, ముందు సన్నగా వెనక లావుగా వచ్చేలా చుట్టాను. ముడి క్యారెట్టు ఆకారంలో ఉండాలి. ముద్దగా ఉంటే పైపు మలుపులో ఇరుక్కుంటుంది. టాల్కం పౌడరు పూశాను. కింద నా సహాయకుడు వైర్లు సమంగా తోస్తుంటే పైన నేను లాగాను. అయిదో మీటరు దగ్గర బిగుసుకుంది. అక్కడ బలం పెడితే ముడి ఊడుతుంది, లేదా వైరు ఒలుచుకుపోతుంది. జానెడు వెనక్కి లాగించి, అతన్ని తొయ్యమని, అతను తోసిన క్షణానే నేను లాగితే మలుపు దాటింది.

లైటు బాక్సులో జంట వైర్లని కోయలేదు. కింది నుంచి వచ్చిన పసుపు వైర్లు అతుకు లేకుండానే పై పైపులోకి దూర్చాను. గోడలో అతుకు ఎంత తక్కువ ఉంటే తర్వాత అంత మంచిది.

పాత స్విచ్చులు రెండూ మార్చేద్దాం అన్నాను. కిందిది మసిబారింది, దాన్ని ఎలాగూ పారేయాలి. పైది బాగానే ఉంది కాబట్టి ఉంచమన్నారు, ఉంచాను. అంటే కింద కొత్త రకం స్విచ్చు, పైన పాత రకం. కింది స్విచ్చు నేను బిగించాను. పైన సహాయకుడు బిగించాడు.

ఎంసీబీ వేసి నాలుగు స్థితుల్లో చూశాను. లైటు నాలుగింటిలో ఒక్కదానిలోనే వెలిగింది.

సరైన టూవే నాలుగింటిలో రెండింట్లో వెలగాలి. ఒక్కదానిలోనే వెలిగిందంటే రెండు స్విచ్చులూ వరసగా పడ్డ మామూలు స్విచ్చుల్లా ప్రవర్తిస్తున్నాయి, రెండూ 'వేసి' ఉంటేనే లైటు. దీనికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. ఎక్కడో ఒకచోట కామన్‌లో ఉండాల్సిన వైరు పక్క టెర్మినల్‌లో ఉంది, జంటలో ఒక వైరు కామన్‌లోకి వచ్చింది. ఇంటివాళ్లు దీన్నే ఇలా చెబుతారు: "కింద వేసి ఉంటేనే పైన పనిచేస్తోంది." అలా విన్నప్పుడు చాలామంది ఏ చోటు పేరు చెబితే ఆ చోటి స్విచ్చుని విప్పుతారు. కానీ పైన తప్పున్నా కింద తప్పున్నా లక్షణం అచ్చంగా ఒకటే. లైటుని చూసి ఏ కొసలో తప్పుందో చెప్పలేం.

తేల్చే దారి ఒకటుంది. కింది బోర్డు దగ్గర రెండు పసుపు వైర్లనీ టెస్ట్ ల్యాంపుతో చూడాలి. కింది కనెక్షన్ సరిగా ఉంటే, స్విచ్చు ఎటు ఉన్నా జంటలో ఒకదానికి ఫేజు ఉండి తీరుతుంది. నొక్కితే మొదటిది పోయి రెండోది వెలగాలి, పైన తప్పుండి పై స్విచ్చు జంటని కలిపేసే స్థితిలో ఉంటే మాత్రం రెండూ వెలుగుతాయి. ఒక స్థితిలో రెండింటికీ ఫేజు లేకుండా పోతే తప్పు అక్కడే. ఇక్కడ మీటరూ, మొనలో నియాన్ వెలిగే టెస్టరూ మోసం చేస్తాయి. పక్క వైరు నుంచి పాకిన పిల్ల వోల్టేజీకి కూడా అవి స్పందిస్తాయి. టెస్ట్ ల్యాంపు నిజమైన ఫేజుకే వెలుగుతుంది. నా జంట వైర్లు ఒకటి తర్వాత ఒకటి చక్కగా వెలిగాయి. అంటే తప్పు పైన.

మళ్లీ ఎంసీబీ ఆపి, కరెంటు లేదని చూసుకుని, పై స్విచ్చు విప్పాను.

"అన్నా, తెల్ల వైరు మధ్య దానికే పెట్టాను కదా" అన్నాడు సహాయకుడు.

అతను పెట్టింది మధ్యలోనే. కింద నేను బిగించిన కొత్త స్విచ్చులో కామన్ మధ్యలో ఉంది, అది చూసి పైదీ అలాగే అనుకున్నాడు. పాత రకంలో కామన్ ఒక అంచున ఒంటరిగా ఉంది, మిగతా రెండూ ఎదురుగా పక్కపక్కన. టెర్మినల్ ఎక్కడుందన్నది తయారీని బట్టి మారుతుంది. అచ్చు వేసిన గుర్తు కొన్నిసార్లు అరిగిపోతుంది. కాబట్టి బిగించక ముందే మీటరుని కంటిన్యుటీలో పెట్టి చూసుకోవాలి. ఏ రెండు టెర్మినళ్ల మధ్య స్విచ్చు ఎటున్నా బీప్ రాదో, ఆ రెండూ పక్క టెర్మినళ్లు. మిగిలింది కామన్. అతని చేతే ఆ పరీక్ష చేయించాను, ఒక నిమిషం పట్టలేదు. తెల్ల వైరు అంచుకి మార్చాడు.

జంట వైర్లలో ఏది పైన ఏ టెర్మినల్‌కి పోయిందో నేను చూడలేదు, చూడక్కర్లేదు కూడా. అవి తారుమారైతే స్విచ్చు ఏ దిక్కున ఉంటే లైటు వెలుగుతుందో మాత్రం మారుతుంది. టూవేలో 'పైకి అంటే ఆఫ్' అన్న లెక్క ఎలాగూ ఉండదు. రెండూ ఒకే రంగు తీసుకోవడానికి కారణం అదే.

ఈసారి నాలుగు స్థితుల్లో రెండింట్లో వెలిగింది. పై, కింది ఆర్‌సీసీబీలు రెండూ నిలబడ్డాయి. పై డీబీ మొత్తం ఆపి చూశాను, మెట్ల లైటు వెలుగుతూనే ఉంది. కింది ఎంసీబీ ఆపితే ఆరింది. లైటు ఆరిన రెండు స్థితుల్లోనూ హోల్డరు పిన్నుల్ని ఎర్తుకి టెస్ట్ ల్యాంపుతో చూశాను, ఏ పిన్నూ దాన్ని వెలిగించలేదు. మొదటి రోజు కొలత రాసుకున్న కాగితం మీదే, పాత అంకెల పక్కన ఇవి రాశాను.

ఆ రాత్రి తొమ్మిదింటికి ఫోన్.

"లైటు ఆర్పినా బల్బు సన్నగా మిణుకుమంటోందండీ. మళ్లీ ఏమైనా లీకేజీనా?"

ఆ గొంతులో భయం ఉంది, ఉండటం సహజం. మర్నాడు పొద్దున్నే వెళ్లాను. బల్బు తీసి తెల్ల వైరు దగ్గర మీటరు పెడితే 94 వోల్టులు. టెస్ట్ ల్యాంపు పెడితే వెలగలేదు, మీటరు కూడా వెంటనే సున్నాకి పడిపోయింది. లీకేజీ అయితే ల్యాంపు పెట్టినా అలా కూలిపోదు.

జరిగేది ఇది. లైటు ఆరిన స్థితిలో జంటలో ఒక పసుపు వైరుకి ఫేజు ఉంది. రెండో పసుపు వైరు పై స్విచ్చు గుండా లైటుకి కలిసి ఉంది. ఈ రెండూ 11 మీటర్ల దూరం ఒకే పైపులో ఒకదాన్నొకటి ఆనుకుని నడుస్తున్నాయి. పక్కపక్కన ఉన్న రెండు వైర్లూ చిన్న కెపాసిటర్‌లా పనిచేస్తాయి. మీటరుకి సుమారు 100 పికోఫారడ్లు అనుకుంటే మొత్తం దాదాపు ఒక నానోఫారడ్. 230 వోల్టులు, 50 హెర్ట్జ్‌కి దాని గుండా పారేది మిల్లీ ఆంపియర్‌లో పదో వంతు కూడా ఉండదు, సుమారు 0.07. పాత ఫిలమెంటు బల్బుకి అది ఉన్నట్టే తెలియదు. ఎల్ఈడీ బల్బు లోపలి కెపాసిటర్ మాత్రం దాన్ని కొద్దికొద్దిగా దాచుకుని, నిండగానే ఒక మిణుకు వదులుతుంది. కొన్ని రకాలు సన్నగా వెలుగుతూనే ఉంటాయి. పాత పద్ధతిలో ఇది కనిపించకపోవడానికి కారణం, అప్పుడు లైటు పిన్నులు రెండూ ఎప్పుడూ ఫేజుకో న్యూట్రల్‌కో గట్టిగా కట్టేసి ఉండేవి. ఒక వైరు గాలిలో తేలే స్థితి దానిలో లేదు.

మొదట వేరే రకం ఎల్ఈడీ బల్బు పెట్టి చూశాను, మిణుకు తగ్గింది కానీ పోలేదు. అందుకని హోల్డరు పక్కన, బల్బుకి సమాంతరంగా, స్నబ్బర్ బిగించాను. అందులో ఉండేది ఎక్స్2 రకం 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్, దానికి వరసలో 100 ఓంల రెసిస్టర్. మెయిన్స్ మీద నేరుగా పెట్టేదానికి ఎక్స్2 గుర్తు తప్పనిసరి, మామూలు కెపాసిటర్ షార్టయితే మంట పుడుతుంది. 0.1 మైక్రోఫారడ్ అంటే 50 హెర్ట్జ్ దగ్గర సుమారు 32 కిలో ఓంలు. ఆ 0.07 మిల్లీ ఆంపియర్లు దాని గుండా పోతే బల్బు మీద మిగిలేది రెండు వోల్టుల చిల్లర. ఎల్ఈడీ ఆ కాస్త వోల్టేజీకి మేల్కోదు. బిగించాక కిటికీలు మూసి, మెట్ల దగ్గర చీకటి చేసి, పెద్దాయనని పక్కన నిలబెట్టుకుని అయిదు నిమిషాలు చూశాం. మిణుకు లేదు.

వచ్చేముందు పై బోర్డు ప్లేటు మళ్లీ ఒకసారి విప్పాను. ఆ బాక్సులో ఇప్పుడు రెండు సర్క్యూట్లు ఉన్నాయి. మిగతా స్విచ్చులన్నీ పై సర్క్యూట్‌వి, మెట్ల లైటు ఒక్కటే కిందిది. ఎవరైనా పై ఎంసీబీ ఆపేసి ఆ బాక్సు విప్పితే పసుపు వైర్లలో ఫేజు అలాగే ఉంటుంది. టూవే సరిగా ఉన్నా ఈ ఒక్కటి తప్పదు. ప్లేటు లోపలి వైపు తెల్ల టేపు అంటించి చెరగని ఇంకుతో రాశాను: "మెట్ల లైటు కింది సర్క్యూట్. విప్పే ముందు కింది ఎంసీబీ కూడా ఆపండి." కింది డీబీలో ఆ ఎంసీబీ పక్కన కూడా "మెట్లు" అని రాసి ప్లేటు బిగించాను.